గేమ్ పోతే వస్తుంది, సేవ్ పోతే రాదు

కొత్త గేమ్ కొనుక్కుని డౌన్‌లోడ్ నొక్కగానే తెరమీద ఒక హెచ్చరిక కనబడుతుంది: స్థలం చాలదు, ఏదో ఒకటి తీసేయండి. నింటెండో స్విచ్ ఉన్న ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. 2017 మార్చిలో వచ్చిన మొదటి స్విచ్‌లో ఉన్నది 32 జీబీ. అందులో యంత్రం తన పనికి కొంత అట్టిపెట్టుకోగా మనకు మిగిలేది 26 జీబీకి కాస్త తక్కువ. చిన్న స్విచ్ లైట్‌లోనూ అంతే. 2021లో వచ్చిన ఓలెడ్ మోడల్‌లో 64 జీబీ ఉంది. ఒక్క పెద్ద గేమే పదిహేను జీబీ దాకా తినేసే రోజుల్లో ఈ లెక్క ఎన్నాళ్లు సరిపోతుందో చెప్పక్కర్లేదు.

ఆ హెచ్చరిక చూసిన పిల్లలు కంగారుపడతారు, పెద్దలు చిరాకుపడతారు. ఆ కంగారులోనో చిరాకులోనో చేతికి దొరికింది తీసేస్తారు. చాలాసార్లు ఏమీ కాదు. ఒక్కోసారి మాత్రం రెండేళ్లు ఆడిన ఆట ఆనవాలు లేకుండా పోతుంది. ఈ రెండింటి మధ్య తేడా అదృష్టం మీద ఆధారపడి లేదు. ఏ డేటా ఎక్కడ ఉంటుందో తెలిస్తే చాలు.

స్విచ్‌లో స్థలాన్ని ఆక్రమించేవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది గేమ్ సాఫ్ట్‌వేర్, దానితోపాటు వచ్చే అప్‌డేట్లు, విడిగా కొనుక్కున్న అదనపు భాగాలు. రెండోది సేవ్, అంటే మీరు ఆడుతూ ఎంతవరకు వచ్చారో, ఏమేం సంపాదించారో నమోదైన చిన్న ఫైలు. మూడోది ఆడుతూ తీసుకున్న ఫొటోలు, వీడియోలు. గేమ్ అనేది షాపులో దొరికే పుస్తకమైతే, సేవ్ దాని అంచున మీరు పెన్సిల్‌తో రాసుకున్న నోట్సు. పుస్తకం పోతే మరో ప్రతి తెచ్చుకోవచ్చు, నోట్సు ఎక్కడా అమ్మరు.

తమాషా ఏమిటంటే, బరువంతా తిరిగి దొరికేదానిదే. గేమ్ జీబీల్లో ఉంటుంది. సేవ్ చాలా ఆటల్లో కొన్ని మెగాబైట్లు, పెద్ద ఆటల్లో కొన్ని పదుల మెగాబైట్లు. కాబట్టి చోటు కోసం సేవ్ తీసేయడం దాదాపు ఎప్పుడూ అర్థంలేని పని. పోగొట్టుకునేది పెద్దది, మిగిలేది పిసరంత. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం ప్రమాదం తప్పినట్టే.

ఇక తీసేసే పద్ధతి. హోమ్ తెరమీద గేమ్ బొమ్మ దగ్గర ఆగి, కంట్రోలర్ మీదున్న ప్లస్ బటన్ నొక్కితే ఆ గేమ్‌కు సంబంధించిన మెనూ తెరుచుకుంటుంది. అందులో Manage Software అనే చోటికి వెళ్తే రెండు దారులు కనబడతాయి. ఒకటి Archive Software, రెండోది Delete Software. పేర్లు చూసి చాలామంది ఇలా అనుకుంటారు: ఆర్కైవ్ చేస్తే గేమ్ లోపలే ఎక్కడో మడతపెట్టి ఉంటుందని, డిలీట్ చేస్తే సేవ్‌తో సహా అంతా పోతుందని. రెండూ పొరపాటే.

ఆర్కైవ్ చేసినా గేమ్ డేటా మొత్తం యంత్రం నుంచి వెళ్లిపోతుంది. ఎక్కడా మడతపెట్టి ఉండదు. మిగిలేది హోమ్ తెరమీద దాని బొమ్మ. రేపు ఆడాలనిపిస్తే ఆ బొమ్మ నొక్కితే చాలు, మళ్లీ డౌన్‌లోడ్ మొదలవుతుంది. డిలీట్ చేస్తే ఆ బొమ్మ కూడా పోతుంది. మళ్లీ కావాలంటే నింటెండో ఈషాప్‌లోకి వెళ్లి, మన ఖాతా పేజీలో కొన్న గేముల జాబితా వెతుక్కుని దించుకోవాలి. ఖాళీ అయ్యే చోటు మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఇంకో మాట: సేవ్‌ను ఈ రెండూ ముట్టుకోవు. గేమ్ డిలీట్ చేసిన ఆర్నెల్లకు తిరిగి దించుకున్నా, ఆపిన చోటు నుంచే ఆట మొదలవుతుంది.

అందుకే నా అభిప్రాయంలో డిలీట్‌తో మామూలు మనిషికి పెద్దగా పనిలేదు. బొమ్మ కూడా కంటికి కనబడకూడదు అనుకున్నప్పుడు, ఉదాహరణకు ఒకసారి చూసి వదిలేసిన డెమోల విషయంలో, అది పనికొస్తుంది. మిగతా అన్నిటికీ ఆర్కైవే మేలు, ఎందుకంటే ఇంట్లో ఏయే గేములు ఉన్నాయో బొమ్మలే గుర్తుచేస్తాయి. ఒక్కొక్కటీ కాకుండా నాలుగైదు ఒకేసారి తీయాలంటే, System Settings లో Data Management కింద Quick Archive అనే సౌకర్యం ఉంది.

కార్డు గేములున్న వాళ్లకు ఇక్కడ చిన్న నిరాశ. షాపులో కొన్న కార్డు పెట్టి ఆడే గేమ్ ప్రధాన భాగం ఆ కార్డులోనే ఉంటుంది. యంత్రంలో ఉండేవి దాని అప్‌డేట్లు, అదనపు భాగాలు, సేవ్. కాబట్టి కార్డు గేమ్‌ను ఆర్కైవ్ చేస్తే ఆ అప్‌డేట్ల మేరకే చోటు దొరుకుతుంది. డౌన్‌లోడ్ గేమ్ ఒకటి తీస్తే వచ్చే చోటు కోసం కార్డు గేములు నాలుగు తీయాల్సి రావచ్చు. అలాగని కార్డు గేముకు యంత్రంలో అసలు చోటే అక్కర్లేదనుకోవడమూ తప్పే. కొన్ని గేముల డబ్బా మీద, కార్డుతోపాటు అదనంగా డౌన్‌లోడ్ కూడా తప్పదని రాసి ఉంటుంది. కొనేముందు ఆ గీత చదవడం మంచిది.

మరి సేవ్ ఎప్పుడు పోతుంది? స్విచ్‌లో సేవ్ ఎప్పుడూ యంత్రం సొంత మెమరీలోనే ఉంటుంది. మెమరీ కార్డులోకి మార్చుదామన్నా కుదరదు. గేమ్ కార్డులో అయితే అసలే ఉండదు. కాబట్టి అది పోవాలంటే యంత్రమే పాడవ్వాలి, లేదా మనమే చేతులారా పోగొట్టాలి. అలా పోగొట్టే దారులు ముఖ్యంగా మూడు.

ఒకటి సూటి దారి. Data Management లోనే Delete Save Data అని ఒకటి ఉంది. దాని పేరులోనే సంగతంతా ఉంది గనక తెలిసి తెలిసి అటు వెళ్లేవాళ్లు తక్కువ. కానీ చోటు వెతుక్కుంటూ సెట్టింగులన్నీ తిరిగేవాళ్లు అక్కడికీ చేరతారు.

రెండో దారి మోసం చేసేది. యంత్రంలో ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ ఉంటుంది. అన్నయ్య హాస్టల్‌కు వెళ్లాడు, వాడి యూజర్ ఎందుకు, చోటు దండగ అనుకుని Delete User నొక్కితే, ఆ యూజర్ పేరిట ఉన్న సేవ్‌లన్నీ దాంతోపాటే పోతాయి. యూజర్ అంటే ఊరికే ఒక పేరు, ఒక బొమ్మ అనిపిస్తుంది. నిజానికి అన్నయ్య ఆడిన ప్రతి ఆట జ్ఞాపకమూ దాని వెనకే ఉంటుంది. అది తీసేస్తే దక్కే చోటు చూస్తే చెప్పుకోదగ్గదేమీ కాదు. దసరా సెలవులకు అన్నయ్య వచ్చాక జరిగే గొడవ మాత్రం చెప్పుకోదగ్గదే.

మూడోది Formatting Options అనే మెనూలో ఉంది. System Settings లో అట్టడుగున System అనే భాగంలో ఇది కనబడుతుంది. ఇక్కడ నిరపాయమైనవీ ప్రమాదకరమైనవీ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. Reset Cache వల్ల బ్రౌజర్‌లో దాచుకున్న చిల్లర సమాచారం తప్ప ఏమీ పోదు. Format microSD Card చేస్తే మెమరీ కార్డులో ఉన్న గేములు, ఫొటోలు పోతాయి, సేవ్‌లు పోవు. Initialize Console చేస్తే సర్వం పోతుంది. చోటు సమస్యకు ఈ మెనూలో మందు లేదు, అటు వెళ్లకపోవడమే మంచిది.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి ఊహిద్దాం. 32 జీబీ స్విచ్, మెమరీ కార్డు లేదు. అందులో డౌన్‌లోడ్ చేసుకున్న జెల్డా గేమ్ బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ 14 జీబీకి పైన ఉంది. మారియో కార్ట్ 8 డీలక్స్ ఇంచుమించు 7 జీబీ. పోతే కార్డు గేముల అప్‌డేట్లు, ఫొటోలు కలిసి మరో జీబీ. మొత్తం 26లో మిగిలింది నాలుగు జీబీలోపే. ఇప్పుడు జెల్డా తర్వాతి భాగం టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ కావాలి. అది సుమారు 16 జీబీ. తక్కువ పడుతున్నది పన్నెండు జీబీ పైచిలుకు.

కార్ట్ తీస్తే ఏడే వస్తాయి, పైగా ఇంటికొచ్చిన పిల్లలందరూ ఆడేది అదే. అప్‌డేట్లు, ఫొటోలు ఊడ్చేసినా ఒక్క జీబీ. లెక్క తేలేది ఒక్క చోటే, పాత జెల్డా దగ్గర. దాన్ని తీస్తే ఖాళీ పద్ధెనిమిది దాటుతుంది, కొత్తది పట్టాక ఇంకో రెండు మిగులుతాయి. ఆట కూడా పూర్తయిపోయింది. అంతా బాగానే ఉంది కానీ అబ్బాయికి ఒక అనుమానం.

“అమ్మా, పాత జెల్డా తీసేస్తే నా గుర్రాలు పోతాయా?”

అమ్మకు ఆ గుర్రాలేమిటో తెలియకపోవచ్చు గానీ, ప్రశ్న మాత్రం చాలా తెలివైంది. పాత ఆటలో పట్టుకుని, మచ్చిక చేసుకుని, గుర్రపుశాలలో పేరు నమోదు చేయించిన గుర్రాలు కొత్త ఆటలోని గుర్రపుశాలలో మళ్లీ కనిపిస్తాయి. అలా కనిపించడానికి కారణం, కొత్త ఆట అదే యంత్రంలో అదే యూజర్ పేరిట ఉన్న పాత ఆట సేవ్‌ను చూసుకోవడమే. చూసేది సేవ్‌ను, గేమ్‌ను కాదు. అంటే పాత గేమ్‌ను ఆర్కైవ్ చేసినా గుర్రాలు వస్తాయి. ‘ఎలాగూ ఆట అయిపోయింది కదా’ అని దాని సేవ్ కూడా తుడిచేస్తే రావు. అప్పుడు మళ్లీ మొదటి నుంచీ పట్టుకోవాల్సిందే.

పోకెమాన్ ఆటల్లోనూ ఇలాంటిదే ఉంది. బ్రిలియంట్ డైమండ్, షైనింగ్ పెర్ల్ ఆటలు మొదలెట్టినప్పుడు, యంత్రంలో పోకెమాన్ స్వోర్డ్ లేదా షీల్డ్ సేవ్ ఉంటే జిరాచీ అనే అరుదైన పోకెమాన్ బహుమతిగా దొరుకుతుంది. పూర్తయిన ఆట సేవ్‌కు ఇక విలువ లేదనుకోవడానికి వీల్లేదని చెప్పడానికి ఈ రెండూ చాలు.

కాబట్టి ఆ ఇంట్లో చేయాల్సింది: పాత జెల్డా బొమ్మ మీద ప్లస్ నొక్కి, Manage Software లో Archive Software ఎంచుకోవడం. తర్వాత Data Management తెరిచి ఖాళీ చోటు పెరిగిందో లేదో ఒకసారి చూసుకోవడం. అప్పుడు కొత్తది దించుకోవడం. సేవ్ జోలికి వెళ్లే అవసరం ఎక్కడా రాలేదు.

క్లౌడ్ ఉంది కదా, ఇంత భయం ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. నిజమే, నింటెండో స్విచ్ ఆన్‌లైన్ అనే చందా కట్టిన వాళ్లకు Save Data Cloud అందుతుంది. ఆడిన తర్వాత సేవ్ కాపీ ఒకటి దానంతట అదే నింటెండో సర్వర్లకు చేరుతుంది. యంత్రం పాడైనా, పోయినా కొత్తదానిలోకి దించుకోవచ్చు. ఏడాదికి అమెరికాలో ఒక్కరికైతే సుమారు 20 డాలర్లు. సేవ్ విలువ తెలిసినవాళ్లకు ఇది మంచి బేరమే. కానీ దీనికి రెండు చిల్లులున్నాయి.

మొదటిది గడువు. చందా ఆగిపోయాక 180 రోజుల దాకానే ఆ కాపీలు అట్టిపెడతామని నింటెండో చెబుతుంది. చందా మళ్లీ ఎప్పుడో కడదాంలే అని ఏడాది ఆగితే అక్కడ ఉంటుందన్న హామీ లేదు. రెండోది, అన్ని ఆటలూ ఈ క్లౌడ్‌లోకి వెళ్లవు. స్ప్లాటూన్ 2, పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ వెళ్లనివాటిలో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో మోసాలకు దారి దొరుకుతుందని కొన్ని ఆటలకు ఇలా కట్టడి పెట్టారు. అన్నిటికంటే ముఖ్యమైనది యానిమల్ క్రాసింగ్ న్యూ హొరైజన్స్. 2020లో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో వచ్చి ఇంటింటా పిల్లల్ని, పెద్దల్ని కట్టిపడేసిన ఆట అది. అందులో ఒక దీవి కట్టుకుంటారు, నెలల తరబడి దాన్ని తీర్చిదిద్దుతారు. ఒక యంత్రానికి ఒకటే దీవి. మామూలు క్లౌడ్ దీనికి పనిచేయదు. యంత్రం పోయినా, పాడైనా దీవిని తిరిగి ఇప్పించే ప్రత్యేక ఏర్పాటు అదే ఏడాది జులై ఆఖర్లో తెచ్చారు. దానికీ చందా కావాలి, ముందుగానే ఆటలోపల ఆ సౌకర్యాన్ని ఆన్ చేసి ఉంచాలి. వేరే స్విచ్‌లోకి దీవిని తీసుకెళ్లాలంటే మామూలు సేవ్ బదిలీ కుదరదు, దీవి మార్పిడికని విడిగా ఉన్న ఉచిత సాధనం వాడాలి.

ఏ ఆటకు క్లౌడ్ ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఇందాకటి ప్లస్ మెనూలోనే Save Data Cloud అని ఉంటుంది. అక్కడికి వెళ్తే, కాపీ అయిందా, అసలు ఆ ఆటకు ఆ సౌకర్యం ఉందా అన్నది చెప్పేస్తుంది. ఇది చూడకుండా సేవ్ తీసేయడం అంటే కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే.

ఇక్కడ మన ఇళ్లలో ప్రత్యేకంగా ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. విజయవాడలోనో వరంగల్‌లోనో కనబడే స్విచ్‌లు చాలామటుకు అమెరికా నుంచో దుబాయి నుంచో చుట్టాల సూట్‌కేసుల్లో వచ్చినవి. డల్లాస్‌లో ఉన్న మావయ్య తన పాత యంత్రం మేనల్లుడికిస్తూ, అందులో తన యూజర్ అలాగే ఉంచి వెళతాడు. అందులోని డౌన్‌లోడ్ గేములు మావయ్య ఖాతాతో కొన్నవి. అవి యంత్రంలో ఉన్నంతకాలం అందరూ ఆడుకోవచ్చు, ఎవరివో అన్న ఆలోచన కూడా రాదు. ఆర్కైవ్ చేశాక తిరిగి దించుకునే హక్కు మాత్రం కొన్న ఖాతాది. ఆ ఖాతా ఆ యంత్రంలో ఉంటే ఇబ్బంది లేదు. మావయ్య కొత్త యంత్రం కొనుక్కుని పాతదాని నుంచి తన ఖాతా తీసేసినా, మనమే ఆ యూజర్‌ను డిలీట్ చేసినా, బొమ్మ తెరమీద ఉంటుంది గానీ గేమ్ రాదు.

అందువల్ల ఆర్కైవ్ నొక్కేముందు, ఆ గేమ్ ఎవరి ఖాతాతో కొన్నదో చూసుకోవాలి. ఈషాప్‌ను ఒక్కో యూజర్‌తో తెరిచి, ఖాతా పేజీలో Redownload జాబితా చూస్తే తేలిపోతుంది. మన జాబితాలో ఉంటే నిశ్చింతగా ఆర్కైవ్ చేయొచ్చు. మావయ్య జాబితాలో ఉంటే ముందు ఆయనకో ఫోన్ కొట్టడం మేలు.

గేమ్ అమ్మకం ఆపేస్తే? ఆపేసినంత మాత్రాన కొన్నవాళ్ల హక్కు పోదు. సూపర్ మారియో 3డీ ఆల్‌స్టార్స్ అనే గేమ్‌ను నింటెండో 2021 మార్చి 31 తర్వాత అమ్మడం మానేసింది. కానీ అంతకుముందు డౌన్‌లోడ్‌గా కొన్నవాళ్లు ఇప్పటికీ తిరిగి దించుకోవచ్చు. కంపెనీ పాత యంత్రాలైన వీ యూ, 3డీఎస్‌ల ఈషాప్‌లు 2023 మార్చి 27న కొత్త అమ్మకాలు ఆపేశాక కూడా, కొన్నవాటిని దించుకునే దారి తెరిచే ఉంచారు. అయితే అది ఎప్పటికీ ఉంటుందని ఎవరూ మాటివ్వలేదు. ఆర్కైవ్ అన్నది కంపెనీ సర్వర్ మీద పెట్టుకునే నమ్మకం. స్విచ్ విషయంలో ఇవాళ ఆ నమ్మకానికి ఢోకా లేదు. పదిహేనేళ్ల తర్వాత పిల్లలకు చూపించాలనుకునే ఆట ఏదైనా ఉంటే, దాన్ని కార్డు రూపంలో కొనుక్కోవడం బాగుంటుంది.

సర్వర్ సంగతి అలా ఉంచి, మన ఇంటర్నెట్ సంగతి చూద్దాం. ఇంట్లో ఫైబర్ ఉంటే పదహారు జీబీ సాయంత్రానికి దిగిపోతుంది. ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్లాన్‌తో అయితే అదే గేమ్‌కు పది పదకొండు రోజుల డేటా మొత్తం ఖర్చవుతుంది. అలాంటి చోట ఆర్కైవ్ మంచి సలహా కాదు. మెమరీ కార్డు కొనుక్కోవడమే దారి.

స్విచ్‌లో పట్టేది ఫోన్లలో వాడే మైక్రో ఎస్‌డీ కార్డే. లైట్, ఓలెడ్ మోడళ్లలోనూ అంతే. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో మాత్రం లోపలే 256 జీబీ ఉంది, పైన వేసుకోవాలంటే మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే వేరే రకం కార్డు కావాలి. పాత కార్డు అందులో గేములకు పనికిరాదు. పాత స్విచ్‌లో కార్డు పెట్టాక Data Management లో ఉన్న Move Data Between System / microSD Card తో గేముల్ని అటూ ఇటూ మార్చుకోవచ్చు. మళ్లీ డౌన్‌లోడ్ అక్కర్లేదు. 2020 ఏప్రిల్‌కు ముందు ఈ సౌకర్యమే ఉండేది కాదు, మార్చాలంటే తీసేసి మళ్లీ దించుకోవాల్సిందే. పాత వ్యాసాలు చదివినవాళ్లు ఇప్పటికీ అదే చేస్తుంటారు.

కార్డు తీసి స్నేహితుడి స్విచ్‌లో పెడితే మన ఆట అక్కడ నడుస్తుందనుకునే పిల్లలు చాలామంది. నడవదు. కార్డులోని గేములు దాచిన యంత్రానికే కట్టుబడి ఉంటాయి. సేవ్ అసలు కార్డులో లేనే లేదు గనక అది వెళ్లే ప్రశ్నే లేదు.

మెమరీ కార్డులతో అసలు తలనొప్పి నకిలీలతో. డబ్బా మీద 512 అని ఉంటుంది, లోపల అందులో పదో వంతు కూడా ఉండదు. మొదట్లో అంతా సవ్యంగానే సాగుతుంది. నిజంగా ఉన్న చోటు నిండిపోయాక అసలు రంగు బయటపడుతుంది. కొత్తగా దించిన గేము తెరుచుకోదు, డేటా పాడైందని సందేశం వస్తుంది. మళ్లీ దించినా ఇంకొకటి పాడవుతుంది. ఈ లక్షణం కనబడగానే చాలామంది చేసే పని సేవ్ తుడిచేసి మొదటి నుంచీ మొదలెడదామనుకోవడం. అవసరం లేదు. ముందు ప్లస్ మెనూలో Manage Software కింద ఉండే Check for Corrupted Data నడపాలి. పాడైందని తేలితే ఆ గేమును తీసేసి, కార్డును కాదని యంత్రం సొంత మెమరీలోకి దించి చూడాలి. అక్కడ చక్కగా నడిస్తే తప్పు కార్డుదే. సేవ్ వేరే చోట ఉంది, దానికేమీ కాలేదు.

ఇక ఫొటోలు, వీడియోలు. ఇవి కూడా తిరిగి రానివే, సేవ్‌ల క్లౌడ్‌లోకి వెళ్లవు. అదృష్టవశాత్తూ ఇవి మనం బయటికి తీసుకోగలిగినవి. కొన్నయితే ఆల్బమ్‌లోంచి నేరుగా ఫోన్‌కు పంపొచ్చు, ఒక విడతకు పది ఫొటోలో ఒక వీడియోనో వెళ్తాయి. వందల్లో ఉంటే యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి అన్నీ కాపీ చేసుకోవడం తేలిక. ఆ దారి Data Management లోని Manage Screenshots and Videos లో ఉంటుంది. కాపీ అయినవి కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాకే యంత్రంలో తుడవాలి. వీడియోలు ఒక్కోటి అరనిమిషానికి మించవు గనక వీటి వల్ల దొరికే చోటూ అంతంతమాత్రమే.

ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్లకు అంకెలు పెద్దవి, సూత్రం ఒకటే. మొదటి మోడల్‌లో 825 జీబీ అని చెప్పినా వాడుకోవడానికి ఉండేది 667. గేమ్ డిలీట్ చేస్తే సేవ్ పోదు. బయటి యూఎస్‌బీ డ్రైవ్‌లో పీఎస్5 గేములను దాచుకోవచ్చు గానీ అక్కడి నుంచి ఆడలేం, ఆడేముందు వెనక్కి తెచ్చుకోవాలి. మళ్లీ డౌన్‌లోడ్ చేయడం కంటే అది చాలా తొందరగా అయ్యే పని. పీఎస్4 ఆటల సేవ్‌ను యూఎస్‌బీలోకి కాపీ చేసుకోవచ్చు. పీఎస్5 ఆటల సేవ్‌కు అలా ఒక్కొక్కటీ కాపీ చేసే వీలు లేదు, ప్లేస్టేషన్ ప్లస్ చందాతో వచ్చే క్లౌడే దిక్కు. వంద జీబీ దాటే కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి ఆటల్లో, పూర్తయిన కథా భాగాన్ని మాత్రం తీసేసి ఆన్‌లైన్ ఆటను ఉంచుకునే వెసులుబాటు ఉంది.

ఎక్స్‌బాక్స్‌లో క్లౌడ్ సేవ్ ఉచితం, చందాతో నిమిత్తం లేదు. అందుకే అక్కడి వాళ్లు గేములు ధైర్యంగా తీసేస్తుంటారు. అయితే సేవ్ తుడిచే చోట రెండు మాటలు కనబడతాయి. Delete from console అంటే ఈ యంత్రంలోది మాత్రమే పోతుంది, క్లౌడ్‌లో ఉన్నది తిరిగి వస్తుంది. Delete everywhere అంటే క్లౌడ్‌లోదీ పోతుంది. ఉచిత క్లౌడ్ ఉన్న యంత్రంలో ఏళ్ల ఆటను ఒక్క నొక్కుతో పోగొట్టుకోవడానికి ఉన్న దారి అదే, చోటు కోసం దాన్ని నొక్కాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.